ఒకే ఫొటో, రెండు కాపీలు: ఏది ఉంచాలి?

పెళ్లి ఫొటో ఒకటి కెమెరా నుంచి, అదే మరొకటి వాట్సాప్ నుంచి కంప్యూటర్‌లో చేరుతుంది. కంటికి ఒకటే, ఫైళ్లుగా వేరు. డీహ్యాష్ పద్ధతి ఒక్కో ఫొటోను వరుసకు 9 చుక్కలు, మొత్తం 8 వరుసలుండే నలుపు-తెలుపు బొమ్మగా కుదిస్తుంది. వరుసలో పక్కపక్క చుక్కల్లో ఏది ఎక్కువ వెలుగుగా ఉందో చూసి 1 లేదా 0 రాస్తుంది. అలా 64 అంకెల ముద్ర తయారవుతుంది. రెండు ముద్రలకు మూడు నాలుగు చోట్లే తేడా ఉంటే అవి చాలావరకు ఒకే ఫొటో.

చాలావరకే. వెంటవెంటనే తీసిన రెండు ఫొటోలకూ ముద్రలు దగ్గరగానే వస్తాయి, ఒకదానిలో పెళ్లికూతురు కళ్లు మూసుకుని ఉండొచ్చు. అందుకే తొలగించే ముందు స్వయంగా చూడాల్సిందే.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ వివరం పోతుంది. ఆ తేదీ ఉన్న కాపీనే నేను ఉంచుతాను. పిక్సెళ్ల లెక్క ఒక్కటే నమ్మను. చిన్న ఫొటోను సాగదీసినా అవి పెరుగుతాయి.