ఎక్సెల్ ఫైల్ చాట్‌బాట్‌కి ఇచ్చారా? అది మొత్తం చదివిందో, పైపైన చూసి చెప్పిందో ఇలా తేల్చుకోండి!

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఏడాది అమ్మకాలను ఎక్సెల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, చాట్‌జీపీటీలోనో జెమినిలోనో అప్‌లోడ్ చేసి "ఏది బాగా అమ్ముడైంది?" అని అడిగితే క్షణాల్లో జవాబు వచ్చేస్తుంది. శాతాలు, పట్టికలు, సలహాలు అన్నీ ఉంటాయి. అయితే ఆ జవాబు ఫైల్ మొత్తం లెక్కేసి చెప్పిందా, పైన ఉన్న కొన్ని వరుసలు చూసి చెప్పేసిందా? చదివేటప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

41 శాతం ఎలా వచ్చింది?

ఉదాహరణకు ఓ బట్టల షాపునే తీసుకుందాం. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు అమ్మకాల ఫైల్. మొత్తం 18,246 వరుసలు. బిల్లులో ఉన్న ఒక్కో ఐటమ్‌కి ఒక్కో వరుస. A కాలమ్‌లో బిల్ నంబర్, B లో తేదీ, C లో ఐటమ్, D లో పీసులు, E లో అమౌంట్ ఉన్నాయనుకోండి.

చాట్‌బాట్ చెప్పిన జవాబు ఇది: "అమ్మకాల్లో 41 శాతం కాటన్ చీరలే." అది నమ్మి యజమాని దసరాకి కాటన్ చీరల ఆర్డర్ పెంచేస్తే? నిజానికి 18,246 వరుసల్లో కాటన్ చీరలవి 3,284 మాత్రమే. అంటే 18 శాతం. మరి 41 ఎక్కడిది? మొదటి 200 వరుసల్లో 82 కాటన్ చీరలవి. ఆ లెక్కే ఏడాది లెక్కగా బయటికొచ్చింది.

ఫైల్ తేదీల వరుసలో ఉంటుంది కదా. రోజుకి సగటున 50 వరుసలు అనుకుంటే, మొదటి 200 అంటే ఏప్రిల్ మొదటి నాలుగు రోజులే. ఎండాకాలం, పైగా ఏప్రిల్ 9న ఉగాది. అక్టోబర్‌లో వచ్చిన దసరా, జనవరిలో వచ్చిన సంక్రాంతి అందులో అసలు లేనే లేవు. నాలుగు రోజుల గిరాకీ చూసి ఏడాది మొత్తానికి తీర్పు చెప్పేసినట్టన్నమాట.

ఇలా ఎందుకు జరుగుతుంది?

చాట్‌బాట్‌లు ఫైల్‌ని రెండు రకాలుగా చూస్తాయి. ఒకటి, పైథాన్ కోడ్ రాసి ఫైల్ మీద నడపడం. ఇలా చేస్తే వేల వరుసలున్నా అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇందులోనూ ముందు కాలమ్‌ల పేర్లు తెలుసుకోవడానికి `df.head()` అనే కమాండ్‌తో మొదటి ఐదు వరుసలు చూడటం మామూలే. అక్కడితో ఆగిపోయి జవాబు చెబితేనే తంటా.

రెండోది, ఫైల్‌ని మామూలు టెక్స్ట్‌లా చదవడం. ఒకేసారి ఎంత టెక్స్ట్ చదవగలదో దానికి ఓ పరిమితి ఉంటుంది. ఫైల్ అంతకంటే పెద్దదైతే కొంత భాగమే దానికి చేరుతుంది. మీ యాప్ ఏ పద్ధతి వాడిందో జవాబు చూసి చెప్పలేం. అందుకే అడగాలి.

మొదటి ప్రశ్న ఇదీ

విశ్లేషణ అడిగే ముందే ఇలా టైప్ చేయండి: "కోడ్ నడిపి మొత్తం వరుసల సంఖ్య, మొదటి తేదీ, చివరి తేదీ, E కాలమ్ మొత్తం చెప్పు. నడిపిన కోడ్ కూడా చూపించు. అన్ని వరుసలూ చదవలేకపోతే ఆ సంగతి చెప్పి ఆగిపో."

"అన్నీ చదివావా?" అని మాత్రం అడగకండి. చదవకపోయినా "అవును" అనే అవకాశం ఉంది. అది ఇచ్చిన నంబర్లను మీ షీట్‌తో పోల్చుకోవడమే సరైన పరీక్ష. ఫోన్‌లోనే గూగుల్ షీట్స్‌లో ఫైల్ తెరిచి, పక్కన ఖాళీ కాలమ్‌లో ఈ ఫార్ములాలు ఒక్కో గడిలో ఒకటి వేయండి.

```
=COUNTA(A2:A)
=COUNT(E2:E)
=SUM(E2:E)
```

మొదటిది వరుసలు లెక్కపెడుతుంది. రెండోది E లో నిజంగా అంకెలుగా ఉన్నవాటినే లెక్కపెడుతుంది. రెండో సంఖ్య తక్కువ వస్తే, కొన్ని అమౌంట్లు టెక్స్ట్‌గా సేవ్ అయ్యాయని లేదా ఖాళీగా ఉన్నాయని అర్థం. టెక్స్ట్‌గా ఉన్నవాటిని `SUM` కలపదు. ముందు అవి సరిచేయాలి.

మన ఉదాహరణలో రెండూ 18,247 వచ్చాయనుకోండి. ఒకటి ఎక్కువ! కిందికి వెళ్లి చూస్తే చివర్లో సాఫ్ట్‌వేరే వేసిన Total వరుస ఉంది. దీంతో అసలు అమ్మకం రూ.1,46,32,500 అయితే, మొత్తం రూ.2,92,65,000 చూపిస్తుంది. సరిగ్గా రెట్టింపు వచ్చిందంటే ముందుగా అనుమానించాల్సింది ఈ వరుసనే. దాన్ని తీసేసి ఫైల్ మళ్లీ అప్‌లోడ్ చేయండి. ఈ మొత్తాన్ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వార్షిక రిపోర్ట్‌తో కూడా సరిచూసుకుంటే ఎక్స్‌పోర్ట్‌లోనే ఏమైనా తప్పిపోయిందా అన్నదీ తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు జవాబుని పరీక్షించండి

వరుసలు, మొత్తం సరిపోయాయి. అయినా ఒక్కో ఫలితాన్నీ వదలకండి. దేన్ని నమ్మి డబ్బు పెట్టబోతున్నారో, ఆ ఒక్క అంకెనైనా స్వయంగా చూడాల్సిందే.

```
=COUNTIF(C2:C,"Cotton Saree")
=SUMIFS(E2:E,C2:C,"Cotton Saree")
```

మొదటిది కాటన్ చీరల వరుసలు ఎన్నో చెబుతుంది, రెండోది వాటిపై వచ్చిన డబ్బు ఎంతో చెబుతుంది. చాట్‌బాట్ చెప్పిన "శాతం" వరుసలదా, డబ్బుదా అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. పట్టుచీరలు తక్కువ అమ్ముడైనా డబ్బులో పైన ఉండొచ్చు.

షీట్ 3,284 చూపిస్తే, చాట్‌బాట్ 2,910 చెప్పిందనుకోండి. ముందు స్పెల్లింగ్ చూడండి. `COUNTIF` పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టించుకోదు. పైథాన్ కోడ్ మాత్రం "Cotton Saree", "COTTON SAREE" రెండింటినీ వేర్వేరు ఐటమ్‌లుగా లెక్కపెడుతుంది. "ఐటమ్ పేర్లన్నీ ఒకేలా మార్చి, అటూఇటూ ఉన్న ఖాళీలు తీసేసి మళ్లీ లెక్కించు" అని చెబితే సరి.

కోడ్ నడపలేనంటే?

మీ యాప్‌కి ఆ సదుపాయం లేకపోతే మొదటి వెయ్యి వరుసలు కాపీ చేసి పేస్ట్ చేయొద్దు. షీట్స్‌లో పివట్ టేబుల్‌తో నెలలవారీగా, ఐటమ్‌లవారీగా మొత్తాలు తీయండి. 12 నెలలు, 15 రకాల ఐటమ్‌లు ఉంటే 180 అంకెలే. ఈ చిన్న పట్టికని చాట్‌బాట్ పూర్తిగా చదవగలదు. ఏ నెలలో ఏది పెరిగింది, ఏది తగ్గింది అని దాంతో అడగొచ్చు.

కస్టమర్ల మాటల్లాంటివి చదివించాలంటే కొన్ని వరుసలే తీయక తప్పదు. అప్పుడు కొత్త కాలమ్‌లో `=RAND()` వేసి, దాని ప్రకారం సార్ట్ చేసి, పైన 400 తీసుకోండి. ఏడాది మొత్తం నుంచి కలగాపులగంగా వస్తాయి. అలా తీసినా శాతాల్లో ఐదు పాయింట్లు అటూఇటూ ఉంటుంది. అంటే 18 శాతం అని వస్తే, అసలుది 13 నుంచి 23 మధ్య ఉండొచ్చు. రెండు ఐటమ్‌ల మధ్య రెండు మూడు శాతం తేడానే ఉంటే, ఏది ముందో ఈ 400 వరుసలు చెప్పలేవు. మొత్తం అమ్మకం ఎంతో, అరుదుగా వచ్చే రిటర్న్‌లు ఎన్నో కూడా వీటితో తేలవు. అవి పూర్తి షీట్‌లోనే చూడాలి.

ఇంకో మాట. అప్‌లోడ్ చేసే ముందు కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్ల కాలమ్‌లు తీసేయండి. ఏ చీర ఎన్ని పోయిందో తెలుసుకోవడానికి అవి అక్కర్లేదు.