టీ ధర తగ్గినా తిరుగుబాటు ఎందుకు?

అమెరికాలో బ్రిటిష్ వలసలు తిరగబడిన కథ ఎత్తగానే ఎవరైనా అనే మాట ఒకటుంది: "టీ మీద పన్ను పెంచారు, అందుకే గొడవ." పెంచలేదు. పౌనుకు మూడు పెన్నీల సుంకం 1767 నుంచీ ఉన్నదే. 1773 నాటి టీ చట్టం చేసిందల్లా ఈస్టిండియా కంపెనీ నేరుగా అమెరికాకు టీ పంపుకోవచ్చనడం, ఇంగ్లండులో కట్టాల్సిన సుంకాన్ని వదిలేయడం. దాంతో దొంగచాటుగా దిగే డచ్చి టీ కన్నా కంపెనీ టీయే చవకయ్యేది. అసలు మెలిక అక్కడే ఉంది. చవకగా వస్తోంది కదా అని జనం కొంటే ఆ మూడు పెన్నీలూ కట్టినట్టే. కట్టారంటే, తమ మీద పన్ను వేసే హక్కు లండన్ పార్లమెంటుకు ఉందని ఒప్పుకున్నట్టే.

మరి డిసెంబర్ 16 రాత్రే సముద్రంలో ఎందుకు పారబోశారు? ముందో వెనకో పారబోయొచ్చు కదా? దీనికి జవాబు కస్టమ్స్ నిబంధనల్లో దొరుకుతుంది. రేవుకు చేరిన సరుకుకు 20 రోజుల్లో సుంకం కట్టకపోతే అధికారులు దాన్ని జప్తు చేయవచ్చు. జప్తు చేసిన టీని అమ్మేస్తే ఆ డబ్బులోంచి సుంకం రాబట్టుకోవచ్చు. డార్ట్‌మత్ అనే ఓడ నవంబర్ 28న బోస్టన్ చేరింది, అంటే గడువు మర్నాటితో సరి. ఓడలను సరుకుతో సహా వెనక్కి పంపమని ఊరివాళ్లు అడిగారు. సుంకం కట్టనిదే అనుమతి ఇవ్వనన్నాడు గవర్నర్ హచిన్‌సన్. ఆ టీ అమ్మకానికి ఏజెంట్లుగా ఉన్నవాళ్లలో ఆయన కొడుకులూ ఉన్నారు! టీని దింపినా, ఊరికే ఉంచినా పన్ను వసూలయ్యే పరిస్థితి. అందుకే ఆ రాత్రి మూడు ఓడల్లోని 342 పెట్టెలు పగలగొట్టి నీళ్లలో పోశారు.

"పార్లమెంటులో నాలుగు సీట్లు ఇస్తే సరిపోయేది కదా?" అన్నది న్యాయమైన ప్రశ్నే. లండన్ వాదన వేరేలా ఉండేది: మాంచెస్టర్‌కూ సీటు లేదు, అయినా సభ్యులందరూ దేశమంతటికీ ప్రతినిధులే, అమెరికాకు కూడా. వలసలవాళ్లు దీనికి గట్టి జవాబే చెప్పారు. మాంచెస్టర్ మీద వేసే పన్ను ఆ సభ్యుల నెత్తినా పడుతుంది. అమెరికా మీద వేస్తే వాళ్ల సొంత భారం తగ్గుతుంది. ఇక సీట్లంటారా, వాళ్లు అవి కోరనేలేదు. స్టాంపు చట్టాన్ని ఎదిరించడానికి 1765లో న్యూయార్క్‌లో కలిసిన తొమ్మిది వలసల ప్రతినిధులు, ఇంత దూరం నుంచి పార్లమెంటులో ప్రాతినిధ్యం సాధ్యమే కాదన్నారు. తాము ఎన్నుకున్న స్థానిక సభలే తమపై పన్ను వేయాలన్నది వాళ్ల మాట.

ఈ పట్టుదల 1787 నాటి అమెరికా రాజ్యాంగంలో సూటిగా కనిపిస్తుంది. పన్నుల బిల్లు మొదలవాల్సింది ప్రజలు నేరుగా ఎన్నుకునే ప్రతినిధుల సభలోనే. అలాగని అందులో న్యాయమంతా ఉందనుకోకండి. సీట్ల లెక్కలో, ప్రత్యక్ష పన్నుల లెక్కలో బానిసలను ఐదింట మూడు వంతులుగా కలిపారు. ఓటు మాత్రం ఇవ్వలేదు. ఫ్రాన్సులో 1789 హక్కుల ప్రకటన కూడా పన్నుకు పౌరుల సమ్మతి కావాలంది.

మన రాజ్యాంగానికీ ఇది అమెరికా నుంచే వచ్చిందా? పూర్తిగా కాదు. పార్లమెంటు ఒప్పుకోనిదే రాజు పన్ను వేయరాదన్న నియమం ఇంగ్లండులో 1689 నాటికే ఉంది; అమెరికన్లు దాన్నే పార్లమెంటు మీదికి తిప్పారు. ద్రవ్య బిల్లు లోక్‌సభలోనే ప్రవేశపెట్టాలన్న మన పద్ధతి బ్రిటన్ దారిన వచ్చింది. చట్టం లేనిదే ఏ పన్నూ వేయరాదు, వసూలు చేయరాదు అని 265వ అధికరణం చెబుతుంది. అంటే ఉత్తర్వు ఒక్కటే చాలదు, వెనక చట్టం ఉండాలి. లేకపోతే కోర్టు కొట్టేస్తుంది. లిఖిత రాజ్యాంగాన్ని చూపించి చట్టసభ చేసిన చట్టాన్ని కూడా కోర్టులో నిలదీసే అలవాటులోనే, నా లెక్కన, అమెరికా ముద్ర ఎక్కువ.

మనకు సంబంధించిన ముక్క ఇంకొకటి ఉంది. బోస్టన్‌లో ఎవరి టీ పారబోశారో ఆ కంపెనీకే 1766లో నిజాం ఉత్తర సర్కారులను అప్పగించాడు. ఇకపై ఖజానా కోసం పన్ను వేయబోమని బ్రిటన్ 1778లో ఇచ్చిన హామీ ఉత్తర అమెరికా, వెస్టిండీస్ వలసలకు మాత్రమే. రాజమండ్రి, ఏలూరు ప్రాంతాల్లో శిస్తు యథాప్రకారం వసూలవుతూనే ఉంది.

ఆ నినాదానికి ఇప్పటికీ పని తీరలేదు. అమెరికా రాజధాని వాషింగ్టన్ వాసులు ఫెడరల్ పన్నులు కడతారు, కాంగ్రెస్‌లో మాత్రం ఓటున్న సభ్యుడు వాళ్లకు లేడు. ప్రాతినిధ్యం లేని పన్ను అన్న మాటను 2000 సంవత్సరం నుంచి వాళ్ల కార్ల నంబరు ప్లేట్ల మీద అచ్చేస్తున్నారు.