వ్యవసాయ మార్కెట్లలో ద్విపార్శ్వ ధరల విధానం: రుసుము ఎవరిపై వేయాలి, రాయితీ ఎవరికి ఇవ్వాలి?

రెండు వేర్వేరు వర్గాలను ఒకచోట చేర్చి, వాటి మధ్య లావాదేవీ జరిగేలా చూసే సంస్థను అర్థశాస్త్రంలో ద్విపార్శ్వ వేదిక అంటారు. వేదిక విలువ ఒక వర్గానికి ఎంత అన్నది రెండవ వర్గం వారు ఎందరు వచ్చారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. కార్డు చెల్లింపుల వ్యవస్థలో ఖాతాదారుకు ప్రోత్సాహకాలు ఇచ్చి, దుకాణదారు నుంచి రుసుము వసూలు చేయడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. వ్యవసాయ మార్కెట్ యార్డు కూడా ఇటువంటి వేదికే. కొనుగోలుదారులు ఎక్కువగా ఉన్న యార్డుకే రైతు సరుకు తెస్తాడు. సరుకు ఎక్కువగా వచ్చే యార్డుకే కొనుగోలుదారు వస్తాడు.

జ్యాఁ షార్ల్ రోషె, జ్యాఁ తిరోల్ 2003లో ప్రచురించిన పరిశోధన పత్రం ఈ విషయానికి స్పష్టమైన రూపమిచ్చింది. వేదిక వసూలు చేసే మొత్తం రుసుము మారకపోయినా, దానిని రెండు వర్గాల మధ్య పంచే తీరు మారినంత మాత్రాన లావాదేవీల పరిమాణం మారితే, దానిని ద్విపార్శ్వ విపణిగా పరిగణించాలన్నది ఈ సిద్ధాంతంలోని కీలకాంశం. పంపిణీ తీరు ఏ ప్రభావమూ చూపని సందర్భాలు కూడా ఉంటాయన్నది ఈ నిర్వచనంలోనే ఇమిడి ఉంది. మార్కెట్ రుసుము విషయంలో తరచుగా విస్మరణకు గురయ్యేది ఈ రెండవ భాగమే.

శాతం రూపంలోని రుసుము

1966 నాటి ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం ప్రకారం మార్కెట్ రుసుమును కొనుగోలుదారు చెల్లించాలి. అందువల్ల ఆ భారం రైతుపై పడదన్న అభిప్రాయం సాధారణంగా వినిపిస్తుంది. దీనిని ఒక ఊహాత్మక లెక్కతో పరిశీలించవచ్చు.

క్వింటాలు పసుపుకు అన్నీ కలుపుకొని 8,080 రూపాయల వరకు వెచ్చించగల వ్యాపారి ఉన్నాడనుకుందాం. రుసుము 1 శాతం, చెల్లించేది కొనుగోలుదారు. అప్పుడు అతడు వేయగల గరిష్ఠ బిడ్ 8,000 రూపాయలు. మిగిలిన 80 రూపాయలు రుసుముకు పోతాయి. రైతు చేతికి 8,000 వస్తాయి. అదే రుసుమును రైతు నుంచి వసూలు చేస్తే వ్యాపారి 8,080 వరకు బిడ్ వేయగలడు. అందులో 80 రూపాయల 80 పైసలు రుసుముగా పోగా రైతుకు మిగిలేది 7,999 రూపాయల 20 పైసలు. రెండు పద్ధతుల మధ్య తేడా 80 పైసలు మాత్రమే. ధర బేరం ద్వారా గానీ వేలం ద్వారా గానీ నిర్ణయమయ్యే చోట, శాతం రుసుము చట్టం ప్రకారం ఎవరి పేరున ఉన్నా చివరికి బిడ్‌లో సర్దుబాటు అవుతుంది.

ధర కదలని చోట ఈ సర్దుబాటుకు అవకాశం ఉండదు. కనీస మద్దతు ధరకు కొనే సంస్థ ఆ ధరను పూర్తిగా రైతుకు ఇచ్చి, రుసుమును విడిగా చెల్లించవలసి వస్తే, భారం నిజంగా కొనుగోలుదారుపైనే నిలుస్తుంది. కార్డు చెల్లింపులలోనూ కార్డు వాడినవారి నుంచి అదనంగా వసూలు చేయరాదన్న నిబంధన ఉన్నప్పుడే రుసుము పంపిణీకి పూర్తి అర్థం వస్తుంది.

బిడ్‌కు ముందే అయ్యే ఖర్చు

బిడ్‌లో సర్దుబాటు కానివి స్థిర వ్యయాలు. రైతు వైపు రవాణా, హమాలీ, ఒక రోజు నిరీక్షణ, నాణ్యత పరీక్ష. కొనుగోలుదారు వైపు లైసెన్సు, ధరావతు, యార్డులో సిబ్బందిని ఉంచడం. వీటిని బేరం మొదలుకాకముందే భరించాలి. కాబట్టి వేదికపైకి రావాలా, వద్దా అన్న నిర్ణయాన్ని శాసించేవి ఇవే. రాయితీ ఫలితమిచ్చే చోటు కూడా ఇదే.

10 క్వింటాళ్ల పసుపు ఉన్న రైతుకు గ్రామ వ్యాపారి ఇంటి వద్దనే క్వింటాలుకు 7,700 ఇస్తున్నాడనుకుందాం. యార్డుకు వెళ్లి రావడానికి అయ్యే ఖర్చు 2,500 రూపాయలు. యార్డులోని వ్యాపారులు ఈ సరుకుకు కట్టే విలువ, రుసుము పోగా, 7,600 నుంచి 8,200 వరకు సమానంగా విస్తరించి ఉందని భావిద్దాం. ధర పెరుగుతూ పోయే వేలంలో రెండవ అత్యధిక విలువ వద్ద పోటీ ఆగుతుంది. ఇద్దరే బిడ్డర్లు ఉంటే సగటున ఆ ధర 7,800. ఐదుగురు ఉంటే 8,000. ఎనిమిది మంది ఉంటే సుమారు 8,067.

ఇద్దరు బిడ్డర్లున్న యార్డులో రైతుకు అదనంగా వచ్చేది 1,000 రూపాయలు, ఖర్చు 2,500. అతడు రాడు. ఐదుగురు ఉంటే అదనపు ఆదాయం 3,000. ఖర్చు పోను 500 మిగులుతుంది. అతడు వస్తాడు. అయితే నాణ్యత పరీక్షకు 600 రూపాయలు వసూలు చేస్తే ఆ మిగులు పోయి మళ్లీ గ్రామంలోనే అమ్ముతాడు. సరుకు తగ్గితే దూరపు వ్యాపారి రావడం మానేస్తాడు. బిడ్డర్లు తగ్గితే మరికొందరు రైతులు వెనుదిరుగుతారు.

ఈ లెక్కలో రెండు విషయాలు గమనించదగినవి. బిడ్డర్ల సంఖ్య రెండు నుంచి ఐదుకు పెరిగితే క్వింటాలుకు 200 రూపాయలు లభిస్తాయి. 1 శాతం రుసుమును పూర్తిగా రద్దు చేసినా లభించేది సుమారు 80 రూపాయలే. అంటే కొరతగా ఉన్న వర్గం కొనుగోలుదారులైతే, లైసెన్సు, ధరావతు భారం తగ్గించి కొత్త వ్యాపారులను రప్పించడమే రైతుకు ఎక్కువ మేలు చేస్తుంది. రెండవది, ఐదు నుంచి ఎనిమిదికి పెరిగితే అదనంగా వచ్చేది 67 రూపాయలే. కనుక ఈ రాయితీ తొలి దశలో ఇచ్చినంత ఫలితాన్ని తరువాత ఇవ్వదు.

ఈ-నామ్ అనుభవంతో పోలిక

2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్‌లో రాష్ట్రమంతటా చెల్లే ఒకే లైసెన్సు, ఒకేచోట రుసుము వసూలు, ఎలక్ట్రానిక్ వేలం అనే మూడు సంస్కరణలను రాష్ట్రాలకు ముందస్తు షరతులుగా విధించారు. మొదటి షరతు కొనుగోలుదారు స్థిర వ్యయాన్ని తగ్గిస్తుంది. నాణ్యత పరీక్ష పరికరాలు తదితర సదుపాయాలకు మొదట మండీకి 30 లక్షల రూపాయల వరకు, తరువాత 75 లక్షల వరకు కేంద్ర సహాయం ప్రకటించారు. పరీక్ష ఫలితం నమ్మదగినదైతే దూరపు వ్యాపారి సరుకును చూడకుండానే బిడ్ వేయగలడు. అందువల్ల పరీక్షను ఉచితంగా చేయడం పైకి రైతుకు రాయితీగా కనిపించినా, దాని ఫలం రెండు వర్గాలకూ చేరుతుంది.

పరిమితులు, పరిశీలించవలసిన సూచికలు

రైతు పంటకాలంలోనే కమీషన్ ఏజెంటు వద్ద అప్పు తీసుకుని ఉంటే, సరుకు ఎవరి ద్వారా అమ్మాలన్నది ముందే నిర్ణయమైపోతుంది. ఆ రైతు దృష్టిలో అసలైన రాయితీ ఇస్తున్నది ఏజెంటే. ఉచిత నమోదు దానికి సాటి రాదు. ఇటువంటి చోట పరపతి, తక్షణ చెల్లింపు సమస్యలు తీరనిదే ధరల విధానం ఒక్కటే రైతును కొత్త వేదికపైకి తీసుకురాలేదు.

నమోదైన రైతుల, వ్యాపారుల సంఖ్య వేదిక బలాన్ని తెలుపదు. నమోదు ఉచితమైనప్పుడు ఆ సంఖ్య సులభంగా పెరుగుతుంది. ఒక్కో లాట్‌కు సగటున ఎన్ని బిడ్లు వచ్చాయి, ఒకే బిడ్‌తో ముగిసిన లాట్లు ఎన్ని, స్థానికేతర వ్యాపారులు గెలిచినవి ఎన్ని అన్నవి పరిశీలించాలి. బేరం బయట ముగిసిన తరువాత వివరాలను వేదికపై నమోదు చేస్తుంటే, లాట్లు పెరిగినా ఒకే బిడ్ ఉన్న లాట్ల వాటా తగ్గదు. అదే రోజు, అదే నాణ్యత గల సరుకుకు గ్రామంలో లభించిన ధరను, యార్డులో ఖర్చులన్నీ పోగా రైతు చేతికి వచ్చిన మొత్తంతో పోల్చితే, రాయితీ చేరవలసిన చోటికి చేరుతున్నదో లేదో విస్తరణ శాస్త్రవేత్త క్షేత్రస్థాయిలోనే నిర్ధారించుకోగలడు.