కామా పోయింది, డేటా పోకూడదు

సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లకి ఇలాంటి మెసేజ్ తరచూ వస్తుంటుంది. ఒక ఫైల్ అటాచ్ చేసి ఉంటుంది, దాని కింద ‘ఫిక్స్’ అన్న ఒక్క మాట. ఏ ప్రోగ్రామ్‌లో తెరుచుకోలేదో, ఏం ఎర్రర్ వచ్చిందో, చివరిసారి ఎవరు చెయ్యి పెట్టారో ఏమీ రాసి ఉండదు. పంపినవాళ్లని తప్పుపట్టలేం. అప్‌లోడ్ చేశారు, సైట్ తిప్పికొట్టింది, వాళ్లకి తెలిసింది అంతే. కానీ ఆ ఒక్క మాట వెనక పైకి చెప్పని షరతు ఒకటి ఉంటుంది. ఫైల్ తెరుచుకోవాలి, లోపలి వివరాలు మాత్రం ఇసుమంత కూడా మారకూడదు. అసలు కష్టమంతా ఈ షరతు దగ్గరే.

జేసన్ అనేది ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకో ప్రోగ్రామ్‌కి వివరాలు పంపడానికి వాడే రాత పద్ధతి. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 2000 తర్వాతి తొలి ఏళ్లలో దీనికి పేరు పెట్టి, నిబంధనలు రాసి ప్రచారంలోకి తెచ్చారు. ఇప్పుడు అమల్లో ఉన్న ప్రమాణం 2017 డిసెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8259. మామూలు అక్షరాల ఫైలే కాబట్టి నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు కూడా. చిక్కులు మొదలయ్యేది ఆ దిద్దడంలోనే. నిబంధనలు కొన్నే, కానీ చాలా కచ్చితం. ప్రతి పేరూ డబుల్ కోట్స్‌లో ఉండాలి. రెండు అంశాల మధ్య కామా ఉండాలి, ఆఖరి అంశం తర్వాత ఉండకూడదు. 0870 లాగా ముందు సున్నా పెట్టి సంఖ్య రాయకూడదు. ఫైల్‌ని అక్షరం వెంట అక్షరం చదివి విడదీసే ప్రోగ్రామ్‌ని పార్సర్ అంటారు. వీటిలో ఏది తప్పినా అది అక్కడికక్కడే ఆగిపోతుంది. తర్వాతి పదివేల లైన్లు సవ్యంగా ఉన్నా వాటి జోలికి పోదు.

ఒక చిన్న ఫైల్ తీసుకుందాం. రెండు ఊళ్లలో ఉన్న షాపుల వివరాలు ఇవి: ఊరు, ఎస్టీడీ కోడ్, ధర.

```
{
  "shops": [
    {
      "town": "విజయవాడ",
      "std": "0866",
      "rate": 42.50
    }
    {
      "town": "వరంగల్",
      "std": 0870,
      "rate": 45.00,
    }
  ]
}
```

ముందు చేయాల్సింది ఫైల్‌కి ఒక కాపీ తీసుకోవడం. వచ్చిన ఫైల్ వచ్చినట్టే పక్కన ఉండాలి, మార్పులన్నీ కాపీలోనే జరగాలి. ఆ తర్వాత కళ్లతో వెతకడం మొదలుపెట్టకుండా పార్సర్‌నే అడగాలి. కంప్యూటర్‌లో పైథాన్ ఉంటే ఈ ఒక్క లైన్ చాలు:

```
python3 -m json.tool shops.json
```

జవాబు ఇలా వస్తుంది:

```
Expecting ',' delimiter: line 8 column 5 (char 97)
```

ఎనిమిదో లైన్‌లో ఐదో అక్షరం దగ్గర కామా కోసం చూశాను, కనపడలేదు అని దాని అర్థం. ఎనిమిదో లైన్‌కి వెళ్తే అక్కడ ఉన్నది `{` ఒక్కటే, అందులో తప్పేమీ లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడే తికమకపడతారు. పార్సర్ చెప్పే చోటు తప్పు జరిగిన చోటు కాదు, తను ఇక ముందుకు పోలేకపోయిన చోటు. విజయవాడ వివరాలు ఏడో లైన్‌లో `}` తో ముగిశాయి. ఆ తర్వాత కామా కోసం ఖాళీలూ కొత్త లైనూ దాటుకుంటూ వెళ్లింది, ఎనిమిదో లైన్‌లో బ్రాకెట్ తగిలాక గానీ కామా లేదని దానికి తెలియలేదు. కాబట్టి చూపించిన చోటు నుంచి వెనక్కి చదవాలి. కామా పడాల్సింది ఏడో లైన్ చివర. రెండు ఊళ్ల వివరాల మధ్య కామా ఉండాలన్నది రాత నిబంధన మాత్రమే. అది పెట్టడం వల్ల ఏ ఊరి సమాచారమూ మారదు. ఇలాంటి దిద్దుబాటుకి ఎవరినీ అడగక్కర్లేదు.

కామా పెట్టి మళ్లీ నడిపితే:

```
Expecting ',' delimiter: line 10 column 15 (char 138)
```

అదే ఎర్రర్, అవే మాటలు. ఇందాక కామా పెడితే సరిపోయింది కదా అని ఈసారి కూడా కామా పెడితే డేటా చెడిపోతుంది. పదో లైన్‌లో పదిహేనో అక్షరం 0870 లోని 8. సంఖ్య సున్నాతో మొదలవ్వగానే పార్సర్ దాన్ని సున్నాగానే తీసుకుని, విలువ అయిపోయింది, ఇక కామా రావాలి అనుకుంది. వచ్చింది 8. అందుకే కామా అడుగుతోంది. తనకి తెలిసిన నిబంధనల్లోంచి అది చెప్పగలిగింది అదే, ఇది ఎస్టీడీ కోడ్ అన్న సంగతి దానికి తెలియదు.

ఇక్కడ మన ముందు రెండు దారులున్నాయి. సున్నా తీసేసి 870 అని రాస్తే ఫైల్ తెరుచుకుంటుంది, కానీ వరంగల్ కోడ్ పోతుంది. కోట్స్ పెట్టి "0870" అంటే అంకెలు నాలుగూ నిలుస్తాయి. అయితే అప్పుడది జేసన్ లెక్కలో సంఖ్య కాదు, అక్షరాల వరుస. అవతల ఆ ఫైల్‌ని వాడే ప్రోగ్రామ్ ఏది ఆశిస్తోందో మనకి తెలియదు. అలాంటప్పుడు సాక్ష్యం ఫైల్‌లోనే వెతకాలి. ఐదో లైన్‌లో విజయవాడ కోడ్ "0866" అని కోట్స్‌లో ఉంది. అంటే ఈ ఫైల్ రాసినవాళ్ల ఉద్దేశం కోట్స్‌లో పెట్టడమే, వరంగల్ దగ్గర మర్చిపోయారని అనుకోవడానికి గట్టి ఆధారం ఉంది. కోట్స్ పెట్టొచ్చు. కానీ ఇది ఏడో లైన్ కామా లాంటిది కాదు. ఇందులో మన ఊహ కొంచెం కలిసింది కాబట్టి పంపినవాళ్లకి తప్పకుండా చెప్పాలి. రెండు కోడ్‌లూ కోట్స్ లేకుండా ఉండుంటే ఆ ఆధారం కూడా దొరికేది కాదు. అప్పుడు వాళ్లని అడిగాకే ముట్టుకోవాలి.

మూడోసారి నడిపితే `45.00` తర్వాతి కామా దగ్గర ఆగుతుంది. పాత పైథాన్ పన్నెండో లైన్‌ని చూపించి, డబుల్ కోట్స్‌లో ఒక పేరు రావాలి కదా అంటుంది. 3.13 నుంచి మాత్రం పదకొండో లైన్‌లో కామా అదనంగా ఉందని సూటిగానే చెప్తుంది. కామా తీసేయడం తేలికే. తీసేముందు ఒక్క సంగతి చూసుకోవాలి: ఆ కామా తర్వాత ఏదైనా ఉండి చెరిగిపోయిందా? విజయవాడకి మూడు అంశాలున్నాయి, వరంగల్‌కీ అవే మూడు ఉన్నాయి. లోటేమీ కనపడటం లేదు కాబట్టి కామా తీసేయొచ్చు. విజయవాడకి నాలుగో అంశంగా ఫోన్ నంబరు ఉండి ఇక్కడ లేకపోతే, ఆ కామా పోయిన సమాచారానికి గుర్తు అయ్యుండొచ్చు.

ఇప్పుడు పార్సర్ ఫైల్ మొత్తాన్ని చదివి, వరసలు తీర్చి, స్క్రీన్ మీద అందంగా చూపిస్తుంది. అందంగా ఉంది కదా అని దాన్నే సేవ్ చేసి పంపిస్తుంటారు చాలామంది. అది చేయకూడదు. అందులో 42.50 కాస్తా 42.5 అవుతుంది, 45.00 కాస్తా 45.0 అవుతుంది. లెక్కకి రెండూ ఒకటే కావచ్చు, కానీ బిల్లు మీద రెండు దశాంశాలు కావాలనుకున్నవాళ్లు రాసింది అది కాదు. ‘విజయవాడ’ అన్న మాట `\u0c35\u0c3f` అంటూ మొదలయ్యే గుర్తుల వరుసగా మారిపోతుంది. మళ్లీ చదివే ప్రోగ్రామ్‌కి అర్థం అదే అయినా మనిషి కంటికి తెలుగు మాయమైనట్టే. `--no-ensure-ascii` అని కలిపితే తెలుగు నిలుస్తుంది గానీ దశాంశాల సంగతి అలాగే ఉంటుంది. జావాస్క్రిప్ట్‌తో నడిచే పనిముట్లలో ఇంకో గండం ఉంది. మామూలుగా అవి 9007199254740993 అన్న సంఖ్యని చదివి తిరిగి రాస్తే చివర 3 బదులు 2 వస్తుంది. పొడవాటి ఐడీ నంబర్లున్న ఫైల్‌కి ఇది చాలా పెద్ద దెబ్బ, పైగా ఎర్రర్ ఏదీ రాదు. ఒకే పేరు రెండుసార్లు వచ్చినా అంతే. పైథాన్ లాంటివి రెండోదాన్ని ఉంచుకుని మొదటిదాన్ని చప్పుడు చేయకుండా వదిలేస్తాయి. అందుకే పార్సర్‌ని తప్పు ఎక్కడుందో చూపించడానికే వాడాలి. దిద్దడం మాత్రం ఎడిటర్‌లో, చేత్తో, ఆ ఒకటి రెండు అక్షరాల మేరకే చేయాలి.

ఫైల్ అంతటా ఒక్కసారిగా మార్చేసే ‘రీప్లేస్ ఆల్’ కూడా అంతే ప్రమాదం. వర్డ్ లాంటి వాటిలో టైప్ చేసి తెచ్చిన ఫైళ్లలో నిటారు కోట్స్ బదులు వంపు కోట్స్ పడతాయి, జేసన్ వాటిని కోట్స్‌గా ఒప్పుకోదు. అన్నింటినీ ఒక్క దెబ్బతో మార్చేస్తే, ఒక పుస్తకం పేరు చుట్టూనో ఎవరో అన్న మాట చుట్టూనో వాక్యం లోపల న్యాయంగా ఉన్న వంపు కోట్స్ కూడా మారిపోయి కొత్త ఎర్రర్లు పుడతాయి. కంటికి కనపడని అక్షరాలని ఏరిపారేసే పనిముట్ల విషయంలో తెలుగువాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట కింద ఒత్తు పడకుండా ఆపేది అలాంటి కనపడని అక్షరమే. అది కోట్స్ లోపల ఉంటే డేటాలో భాగం, తీసేస్తే మాట రూపమే మారిపోతుంది. కోట్స్ బయట ఉంటే మాత్రం తప్పే. అక్కడ మామూలు ఖాళీ, ట్యాబ్, లైన్ మార్చే రెండు గుర్తులు, ఈ నాలుగు తప్ప వేరే ఖాళీ ఏదీ చెల్లదు. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే విడదీయరాని ఖాళీ చూడటానికి మామూలు ఖాళీలాగే ఉంటుంది, పార్సర్ మాత్రం దాని దగ్గర ఆగిపోతుంది.

పని పూర్తయ్యాక పాత ఫైల్‌నీ కొత్త ఫైల్‌నీ `diff` తో పోల్చి చూడాలి. మన ఫైల్‌కి వచ్చేది ఇంతే:

```
7c7
<     }
---
>     },
10,11c10,11
<       "std": 0870,
<       "rate": 45.00,
---
>       "std": "0870",
>       "rate": 45.00
```

మూడు లైన్లలో మార్పు, నాలుగు అక్షరాల తేడా. ఇంతకంటే ఒక్క లైన్ ఎక్కువ కనపడినా మనకి తెలియకుండా ఎడిటర్ ఏదో మార్చిందని అర్థం. కనిపించే తేడా ఏమీ లేకుండా అన్ని లైన్లూ మారినట్టు చూపిస్తే, లైన్ చివరి గుర్తులు విండోస్ పద్ధతి నుంచి లినక్స్ పద్ధతికో, అటుది ఇటుకో మారి ఉంటాయి.

‘ఫిక్స్’ అని అడిగినవాళ్లకి ‘అయిపోయింది’ అని ఒక్క మాటతో జవాబిస్తే చాలదు. నేనైతే ఇలా రాస్తాను: “ఏడో లైన్ చివర కామా లేదు, పెట్టానండి. పదకొండో లైన్ చివర కామా ఎక్కువైంది, తీశాను. పదో లైన్‌లో వరంగల్ కోడ్‌కి కోట్స్ లేవు. విజయవాడకి ఉన్నాయి కాబట్టి అలాగే పెట్టాను, అది సరేనా ఒకసారి చూసి చెప్పండి. ఇంకేమీ ముట్టుకోలేదు. మీ అసలు ఫైల్ నా దగ్గర అలాగే ఉంది.” చదవడానికి అర నిమిషం పడుతుంది. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు ఇవ్వగలిగింది కూడా వాళ్లే.

కొన్ని ఫైళ్లని ఇలా బాగుచేయలేం. డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోయిన ఫైల్‌లో ఎర్రర్ చివరి లైన్‌లోనో, మధ్యలో తెగిన ఆఖరి మాట మొదలైన చోటో వస్తుంది. చివర చూస్తే మూసుకోని కోట్స్, మూసుకోని బ్రాకెట్లు ఉంటాయి. అవి మనం మూసేస్తే పార్సర్ నోరు మూతపడుతుంది, ఫైల్ కూడా తెరుచుకుంటుంది. కానీ మూడు వందల షాపులు ఉండాల్సిన చోట నూట ఎనభై ఉండొచ్చు, తెగినచోట ఉన్న ఆఖరి షాపు పేరు సగమే ఉండొచ్చు. ఫైల్ పైకి చక్కగానే కనపడుతుంది కాబట్టి ఆ లోటు ఆ తర్వాత ఎవరి కంటా పడదు. అలాంటి ఫైల్‌ని దిద్ది పంపడం కంటే, అది తయారైన చోటి నుంచి మళ్లీ తెప్పించుకోమని చెప్పాలి. మళ్లీ వచ్చినదాని సైజు ముందు దానికంటే ఎక్కువ ఉందో లేదో కూడా చూసుకోమనాలి.