నూరో రోజు నష్టం ఎంత?

రిస్కు మేనేజ్‌మెంట్ ప్రశ్నపత్రాల్లో తరచు కనిపించే ప్రశ్నకు రెండు భాగాలుంటాయి: ఇచ్చిన పోర్ట్‌ఫోలియోకు ఒక రోజు కాలానికి, 99 శాతం విశ్వాస స్థాయిలో ‘వాల్యూ ఎట్ రిస్క్’ లెక్కించడం మొదటిది, వచ్చిన అంకెను వ్యాఖ్యానించడం రెండోది. మొదటి భాగాన్ని తప్పు లేకుండా చేసిన విద్యార్థులు కూడా రెండో భాగంలో ‘ఇదే గరిష్ఠ నష్టం’ అని రాసి మార్కులు పోగొట్టుకుంటారు. ఆ ఒక్క మాట ఎందుకు తప్పో తెలిస్తే సామాన్య విభాజనం, అంటే సగటుకు ఇరువైపులా సమానంగా వాలే గంట ఆకారపు వక్రరేఖ, ఎంత గొప్ప సాధనమో, ఎక్కడ చేతులెత్తేస్తుందో రెండూ తెలుస్తాయి.

విశాఖ ఉక్కు కర్మాగారానికి కావలసిన కోకింగ్ బొగ్గులో అధిక భాగం ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి ఓడల్లో వస్తుంది; ధర డాలర్లలో ఉంటుంది, చెల్లించే సంస్థ చేతిలో రూపాయలుంటాయి. విశాఖ రేవుకు చేరవలసిన బొగ్గుకు, ధర ఇంకా ఖరారు కాని స్థితిలో, నేటి లెక్కన రూ.100 కోట్లు చెల్లించాలనుకుందాం. బొగ్గు ధరలో రోజువారీ ప్రామాణిక విచలనం, అంటే సగటు నుంచి మార్పులు ఎంత దూరం చెదురుతాయో తెలిపే కొలత, 1.5 శాతమనీ, డాలరు మారకపు రేటులో అది 0.4 శాతమనీ, రెండింటికీ సహసంబంధం లేదనీ, ఒక్క రోజులో సగటు మార్పు సున్నా అనీ ఊహిద్దాం.

రూపాయల్లో ఖర్చు ఈ రెండింటి లబ్ధం కాబట్టి, చిన్న మార్పుల శాతాలను దాదాపుగా కూడవచ్చు. కానీ విచలనాలను అలా కూడకూడదు, వాటి వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. 1.5 వర్గం 2.25, 0.4 వర్గం 0.16, మొత్తం 2.41, దాని వర్గమూలం సుమారు 1.552. అంటే రూ.100 కోట్ల మీద విచలనం రూ.1.55 కోట్లు. సామాన్య విభాజనంలో ఒక వైపు కొసన 1 శాతాన్ని విడదీసే బిందువు సగటు నుంచి 2.326 విచలనాల దూరంలో ఉంటుంది కాబట్టి జవాబు రూ.3.61 కోట్లు. షేర్లు కొన్నవారికి నష్టం ఎడమ కొసన ఉంటుంది, దిగుమతిదారుకు ధర పెరగడమే నష్టం కనుక కుడి కొసన ఉంటుంది. వక్రరేఖ సౌష్ఠవం వల్ల గుణకం మారదు. రెండు నష్టభయాలను విడివిడిగా లెక్కించి కూడితే రూ.4.42 కోట్లు వచ్చేవి. ఆ తేడా అంతా, రెండు ధరలూ కలిసికట్టుగా కదలవన్న ఒక్క ఊహ మీద నిలబడింది.

కాబట్టి వ్యాఖ్యానం ఇలా ఉండాలి: ‘ఈ ఊహలు నిజమైతే, నూరు రోజుల్లో సగటున 99 రోజులు ఖర్చు పెరుగుదల రూ.3.61 కోట్లకు మించదు. మిగిలిన ఒక్క రోజు మించుతుంది.’ ఎంత మించుతుందో ఈ అంకె చెప్పదు. ఆ ప్రశ్నకు సామాన్య విభాజనం ఇచ్చే సమాధానం ఆశ్చర్యకరంగా మెతకది: హద్దు దాటిన రోజుల సగటు నష్టం 2.665 విచలనాలు, అంటే రూ.4.14 కోట్లు, హద్దు కంటే 15 శాతమే ఎక్కువ. గంట వక్రరేఖ కొసలు అంత వేగంగా సన్నబడతాయి. మార్కెట్ల కొసలు అలా సన్నబడవు. 2007 ఆగస్టులో గోల్డ్‌మన్ శాక్స్ ఆర్థికాధికారి డేవిడ్ వినియార్, 25 విచలనాల కదలికలను వరుసగా కొన్ని రోజులు చూశామన్నారు. సామాన్య విభాజనం ప్రకారం అలాంటి ఒక్క రోజు రావడానికి విశ్వం వయసు కూడా చాలదు కనుక, తప్పు జరిగింది లెక్క కోసం ఎంచుకున్న వక్రరేఖలోనే అనుకోవాలి.

బొగ్గు విషయంలో 2022 మార్చి దీన్ని రెండు విధాలుగా నిరూపించింది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆస్ట్రేలియా కోకింగ్ బొగ్గు టన్ను 600 డాలర్లు దాటింది, అదే నెలలో రూపాయి అప్పటికి ఎన్నడూ లేనంత కనిష్ఠానికి పడింది. విడిగా కదులుతాయనుకున్న రెండు ధరలు, సరిగ్గా కొసకు చేరిన వేళ, ఒకే దిక్కుకు నడిచాయి. సహసంబంధ గుణకాన్ని 0.5కు పెంచితే జవాబు రూ.4.04 కోట్లకు చేరుతుంది, కానీ విచలనాన్ని ప్రశాంతమైన నెలల నుంచే కొలిచినంత కాలం ఆ దిద్దుబాటు చాలదు.

నమూనా తప్పుతున్నదని తెలుసుకునే పద్ధతి సులువైనది: గడచిన 250 పనిదినాల్లో హద్దు దాటిన రోజులను లెక్కించడం. రెండు మూడు సహజం. బాసెల్ నిబంధనలు బ్యాంకులకు నాలుగు వరకు ఆకుపచ్చ, ఐదు నుంచి తొమ్మిది వరకు పసుపు, పది నుంచి ఎరుపు మండలంగా నిర్ణయించాయి. ఈ పరీక్ష కూడా ధరలను మాత్రమే చూస్తుంది. 2024 ఏప్రిల్‌లో గంగవరం రేవులో కార్మికుల సమ్మె వల్ల బొగ్గు కదలక ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి తగ్గినప్పుడు, ధరల విచలనంలో ఆ నష్టం జాడ ఉండే వీలు లేదు. పై రూ.3.61 కోట్ల కింద ఆ సంగతి ఒక్క వాక్యంలో రాసిన జవాబుపత్రానికి పూర్తి మార్కులు దక్కాలి.