ఓవెన్ దిగాక కూడా ఉడికే మాంసం

రెండు కిలోల గొర్రె తొడను ఓవెన్‌లో 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర రోస్ట్ చేస్తున్నారనుకోండి. నడుమ లేత గులాబీ రంగు నిలవాలంటే లోపలి వేడి 63 డిగ్రీలకు చేరితే చాలు. కానీ థర్మామీటర్ 57 చూపగానే ముక్కను బయటికి తీసేయాలి.

ఎందుకంటే నడుమ 57 ఉన్నప్పుడు పైపొర అంతకన్నా ఎంతో వేడిగా ఉంటుంది. ఓవెన్‌లోంచి తీసినా ఆ వేడంతా గాలిలో కలిసిపోదు, కొంత లోపలికి పాకుతూనే ఉంటుంది. పావుగంట, ఇరవై నిమిషాల్లో నడిమి వేడి మరో ఐదారు డిగ్రీలు పెరుగుతుంది. 63 దాకా ఆగి తీస్తే అది 68 దాటి, మాంసం పొడిబారి పీచుపీచుగా తయారవుతుంది.

అన్నిటికీ ఇదే లెక్క కాదు. ముక్క పెద్దదైనా, ఓవెన్ సెగ ఎక్కువైనా ఈ పెరుగుదల ఎక్కువ. సన్నసెగ మీద నెమ్మదిగా కాల్చిన దానికి రెండు మూడు డిగ్రీలే. పలచటి చాప్స్‌కైతే దాదాపు లేనట్టే.

ఆ కాసేపు ఆగడంలో ఇంకో లాభముంది. వేడివేడిగా కోస్తే రసం పీట మీదికి కారిపోతుంది. కాస్త చల్లారితే చిక్కబడి ముక్కలోనే నిలుస్తుంది. పైన ఫాయిల్‌ను వదులుగా కప్పండి. బిగిస్తే ఆవిరికి కరకరలాడే పైపొర మెత్తబడిపోతుంది.

థర్మామీటర్ మొనను ఎముకకు తగలకుండా, బాగా మందమున్న చోట గుచ్చాలి. కోడి విషయంలో మాత్రం అంచనాలు పనికిరావు. ఆగాక మళ్లీ గుచ్చి చూడండి, 74 డిగ్రీలు కనిపించకపోతే తిరిగి ఓవెన్‌లో పెట్టండి.