ఇరుకు గుమ్మానికి తగిన చెప్పుల స్టాండు

ఫ్లాటు తలుపు తీయగానే వచ్చే నడవ చాలాచోట్ల మూడున్నర అడుగులే, అంటే సుమారు 105 సెంటీమీటర్లు. మగవారి బూటు పొడవు దాదాపు 30 సెంటీమీటర్లు కాబట్టి మామూలు చెప్పుల స్టాండు లోతు 35 దాకా ఉంటుంది. అది పెడితే నడవడానికి 70 మిగులుతుంది. కూరగాయల సంచులతో వచ్చేవారి మోచేయి గోడకు తగులుతుంది. చెప్పులను ఏటవాలుగా నిలబెట్టే, అర ముందుకు వంగే రకం 18 సెంటీమీటర్లలో సరిపోతుంది, 87 మిగులుతుంది. అయితే అర తెరిస్తే బరువు ముందుకొచ్చి బోర్లాపడొచ్చు, గోడకు స్క్రూలతో బిగించి తీరాలి. తేలికపాటి బ్లాకుల గోడలో మామూలు ప్లగ్గు వదులైపోతుంది. డ్రిల్లు చేస్తే తెల్లని మెత్తటి పొడి రాలితే అదే గోడ. దానికోసం చేసిన నైలాన్ ప్లగ్గే వాడాలి. వానాకాలంలో తడి చెప్పులు మూసిన అరలో వాసన పట్టేస్తాయి, ముందు బయట ఆరాలి.

కొక్కేలు స్టాండుకు పైనే ఉండాలి, ఎదుటి గోడకు వద్దు. వేలాడే రెయిన్‌కోటు దారిలోకి పొడుచుకొస్తుంది. పెద్దలకు 165, పిల్లలకు 110 సెంటీమీటర్ల ఎత్తు చాలు. తాళంచెవుల పట్టీ తలుపు గడియ వైపు గోడకు ఉండాలి, కీళ్ల వైపు ఉంటే తెరిచిన తలుపు దాన్ని కప్పేస్తుంది.